గడియారం పన్నెండు, సూర్యుడి పన్నెండు: టైమ్ జోన్ల గీతలు ఎలా పడ్డాయి

1858 నవంబరులో ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న డోర్చెస్టర్ పట్టణంలో ఒక భూమి దావా విచారణకు వచ్చింది. ఉదయం 10 గంటలకు కోర్టు మొదలవ్వాలి. కోర్టు గోడ గడియారం 10 చూపించగానే జడ్జి వచ్చి కూర్చున్నారు. ప్రతివాది రాలేదు. కొద్ది నిమిషాలు చూసి, వాది గెలిచినట్టు తీర్పు చెప్పేశారు. ఆ వెంటనే ప్రతివాది లోపలికి వచ్చాడు. ఊరి గడియారంలో ఇంకా 10 కాలేదని, తాను ఆలస్యంగా రాలేదని వాదించాడు. ఇద్దరి గడియారాలూ సరిగ్గానే నడుస్తున్నాయి. కోర్టు గడియారం లండన్‌లోని గ్రీనిచ్ సమయం చూపిస్తోంది, ఊరి గడియారం ఆ ఊరి సూర్యుడి సమయం చూపిస్తోంది. రెంటికీ మధ్య 10 నిమిషాలకు కాస్త తక్కువ తేడా. పై కోర్టు ఊరి గడియారం వైపే మొగ్గింది. 10 గంటలంటే ఆ ఊళ్లో 10 గంటలే అని చెప్పి, కేసును మళ్లీ విచారించమంది.

టైమ్ జోన్ల కథంతా ఆ 10 నిమిషాల తేడాలో ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టడం చాలా సులువు. భూమి తన చుట్టూ తాను తిరిగే 360 డిగ్రీలూ 24 గంటల్లో పూర్తవుతాయి. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. డోర్చెస్టర్ గ్రీనిచ్‌కు పడమరగా 2 డిగ్రీల 26 నిమిషాల రేఖాంశం మీద ఉంది, ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. దాన్ని నాలుగుతో గుణిస్తే 9 నిమిషాల 44 సెకన్లు. గ్రీనిచ్‌లో సూర్యుడు నడిమింటికి చేరిన తర్వాత డోర్చెస్టర్‌లో అదే స్థితికి రావడానికి అంత సేపు పడుతుంది. డిగ్రీకి 4 నిమిషాలు అనే ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, ప్రపంచ పటం మీద ఏ టైమ్ జోన్ గీతనైనా పరీక్షించి చూడొచ్చు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మిట్టమధ్యాహ్నం అంటే సూర్యుడు సరిగ్గా తలమీద ఉండటం కాదు. చాలా దేశాల్లో సూర్యుడు ఏనాడూ తలమీదికి రాడు. ఆ రోజుకు ఆకాశంలో తాను ఎక్కగలిగిన ఎత్తుకు ఎక్కి, సరిగ్గా ఉత్తర దక్షిణ గీతను దాటే క్షణమే సూర్యుడి పన్నెండు. ఉదయం ఎన్ని గంటల పొద్దు గడిచిందో సాయంత్రం దాదాపు అన్ని గంటల పొద్దు మిగిలి ఉంటుంది. వేసవిలో పొద్దు పెరిగినా చలికాలంలో తరిగినా ఆ నడిమి క్షణం మాత్రం పెద్దగా కదలదు. అందుకే పొద్దుపొడుపును కాకుండా మధ్యాహ్నాన్నే గడియారానికి ఆధారంగా తీసుకున్నారు. పొద్దు ఎప్పుడు పొడుస్తుందన్నది ఊరు ఎంత ఉత్తరాన ఉందన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. మధ్యాహ్నం తూర్పు పడమరలను బట్టి మాత్రమే మారుతుంది. టైమ్ జోన్లు నిలువు పట్టీలుగా ఉండటానికి కారణం ఇదే.

రైళ్లు రాకముందు ఈ తేడాలతో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. గుర్రం మీద పక్క ఊరికి వెళ్లేసరికి సగం రోజు గడిచిపోయేది. అక్కడి గడియారం 2 నిమిషాలు ముందుందో వెనకుందో ఎవరు చూస్తారు? రైలు వచ్చాక పరిస్థితి మారింది. లండన్ నుంచి బ్రిస్టల్‌కు వెళ్లే రైల్వే కంపెనీ 1840 నవంబరులోనే తన స్టేషన్లన్నిటా లండన్ సమయం పెట్టింది. బ్రిస్టల్ సూర్యుడు లండన్ కన్నా సుమారు 10 నిమిషాలు వెనక. దాంతో ఊరి గడియారం చూసుకుని తీరిగ్గా బయలుదేరిన మనిషి స్టేషన్ చేరేసరికి రైలు వెళ్లిపోయి ఉండేది. బ్రిస్టల్‌లో ధాన్యం వ్యాపారుల భవనం మీద ఒక గడియారం నేటికీ ఉంది. దానికి నిమిషాల ముళ్లు రెండు, ఒకటి ఊరి సమయానికి, రెండోది లండన్ సమయానికి. రెండూ 10 నిమిషాల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరుగుతూనే ఉంటాయి.

బ్రిటన్ లాంటి ఇరుకైన దేశానికి ఒకే సమయం సరిపోయింది. చట్టం మాత్రం ఆలస్యంగా వచ్చింది, 1880లో. డోర్చెస్టర్ లాంటి వివాదాలకు అప్పటిదాకా తెర పడలేదు. అమెరికా సంగతి వేరు. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి సూర్యుడు చేరడానికే 3 గంటలకు పైగా పడుతుంది. దేశమంతటికీ ఒకే సమయం పెడితే ఒక చివర మధ్యాహ్నం మరీ ఎక్కడికో జరిగిపోతుంది. పెట్టకపోతే ప్రతి రైల్వే కంపెనీ తన ముఖ్య కార్యాలయం ఉన్న ఊరి సమయాన్ని పాటిస్తుంది. జరిగింది రెండోదే. 1880ల మొదట్లో అక్కడి రైళ్లు దాదాపు 50 రకాల సమయాల మీద నడిచేవి. రెండు మూడు కంపెనీల రైళ్లు ఆగే స్టేషన్లో గోడ మీద కంపెనీకో గడియారం వేలాడేది.

దీన్ని సరిచేసింది ప్రభుత్వం కాదు, రైల్వేలే. 1883 నవంబరు 18, ఆదివారం నాడు అవి ఒక్కసారిగా కొత్త సమయానికి మారాయి. గ్రీనిచ్‌కు పడమరగా 75, 90, 105, 120 డిగ్రీల రేఖలు ఎంచుకున్నారు. ఆ సంఖ్యలు ఊరికే వచ్చినవి కావు, అన్నీ 15 గుణిజాలు. 75ను నాలుగుతో గుణిస్తే 300 నిమిషాలు, అంటే సరిగ్గా 5 గంటలు. గుణిజం కాని రేఖను తీసుకుంటే మిగులు నిమిషాలు వస్తాయి. గుణిజాన్ని తీసుకుంటే మాత్రం ఏ జోన్‌లోకి వెళ్లినా నిమిషాల ముల్లు ఒకటే చూపిస్తుంది, గంటల ముల్లు మాత్రమే మారుతుంది. ప్రయాణికుడికి, గార్డుకు, టెలిగ్రాఫ్ గుమాస్తాకు ఇంతకన్నా పెద్ద సాయం లేదు. న్యూయార్క్ నగరం 74 డిగ్రీల మీద ఉంది కాబట్టి ఆ రోజు అక్కడి గడియారాలను దాదాపు 4 నిమిషాలు వెనక్కి పెట్టారు. పాత పన్నెండు కొట్టాక కొద్దిసేపటికి కొత్త పన్నెండు వచ్చింది. రెండు మధ్యాహ్నాల రోజుగా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

మరుసటి ఏడాది, 1884 అక్టోబరులో, వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ప్రపంచాన్ని 24 జోన్లుగా కోసింది ఆ సమావేశమే అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. రేఖాంశాలను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి, ప్రపంచ దినం ఎక్కడ మొదలవ్వాలి అన్నవే అక్కడ తేలాయి. గ్రీనిచ్‌ను సున్నాగా ఒప్పుకున్నారు. అప్పటికే ప్రపంచ నౌకల్లో ఎక్కువ భాగం గ్రీనిచ్ పటాలతోనే తిరుగుతున్నాయి కాబట్టి అది దాదాపు తేలిపోయిన విషయమే. ఫ్రాన్స్ ఆ ఓటింగ్‌లో పాల్గొనలేదు. 1911లో మారినప్పుడు కూడా చట్టంలో గ్రీనిచ్ పేరు రాయలేదు. ఫ్రాన్స్ సమయం అంటే పారిస్ సమయంలోంచి 9 నిమిషాల 21 సెకన్లు తీసేసినది అని రాసుకుంది. లెక్క వేసి చూస్తే అది గ్రీనిచ్ సమయమే. జోన్లు మాత్రం ఒక్కో దేశం తన చట్టంతో, తనకు వీలైనప్పుడు పెట్టుకుంటూ వచ్చినవి.

ఇప్పుడు అసలు గీతల దగ్గరికి వద్దాం. సూర్యుడికే వదిలేస్తే ఈ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. 15 గుణిజంగా ఉన్న ప్రతి రేఖనూ నడిమి రేఖగా పెట్టి, దానికి అటు ఏడున్నర డిగ్రీలు, ఇటు ఏడున్నర డిగ్రీలు కలిపితే ఒక పట్టీ అవుతుంది. ఆ పట్టీ అంచున ఉన్నవాడికి కూడా గడియారానికీ సగటు సూర్యుడికీ తేడా 30 నిమిషాలు దాటదు. నడిసముద్రంలో నిజంగానే ఈ పద్ధతి నడుస్తుంది. ఓడలు ఏడున్నర డిగ్రీల లెక్కతోనే గడియారం మార్చుకుంటాయి, ఎందుకంటే సముద్రం మీద పక్కింటివాడు ఉండడు. నేల మీద ఉంటాడు. సూర్యుడు గీసిన గీత ఊరి మధ్యలోంచి పోతే, వీధికి ఇటువైపు బడి 9 గంటలకు, అటువైపు బడి 10 గంటలకు మొదలవుతుంది. ఆ తలనొప్పి ఎవరికీ వద్దు. సూర్యుడి పక్కన 10 నిమిషాలో అరగంటో తప్పుగా ఉండటం ఎవరికీ తెలియదు. పొరుగువాడితో ఒక గంట తేడాగా ఉండటం రోజూ తెలుస్తుంది. గీతలన్నీ వంకర్లు పోయింది ఇందుకే.

అమెరికాలో తూర్పు జోన్‌కూ మధ్య జోన్‌కూ నడుమ గీత సూర్యుడి లెక్కన 82.5 డిగ్రీల మీద పడాలి. 1883లో రైల్వేలు దాన్ని బఫెలో, పిట్స్‌బర్గ్ లాంటి స్టేషన్ల దగ్గర పెట్టుకున్నాయి. ఒక దారి ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట్లు అవి, గడియారం మార్చడానికి అనువైనవి. బఫెలో సుమారు 79 డిగ్రీల మీద ఉంది. అంటే గీత ఉండాల్సిన చోటు కన్నా మూడున్నర డిగ్రీలు తూర్పున పడింది. 1918లో వచ్చిన చట్టం కూడా హద్దులు నిర్ణయించేటప్పుడు వాణిజ్య సౌకర్యాన్ని, రైల్వే కూడళ్లను దృష్టిలో పెట్టుకోమని చెప్పింది. ఆ తర్వాత గీత పడమటికి జరగడం మొదలైంది, మళ్లీ అంతగా వెనక్కి రాలేదు. ఇప్పుడు 86 డిగ్రీలు దాటి ఉన్న ఇండియానాపొలిస్ నగరం కూడా తూర్పు జోన్‌లోనే ఉంది. అక్కడ వేసవి కోసం గడియారాన్ని గంట ముందుకు జరపని రోజుల్లో కూడా సూర్యుడి పన్నెండు గడియారంలో 12:45 ప్రాంతంలో వస్తుంది.

ప్రపంచమంతా ఇదే దిశ కనిపిస్తుంది. గీతలు వంగినప్పుడల్లా ఎక్కువగా పడమటికే వంగుతాయి. తూర్పు జోన్‌లో చేరితే గడియారం సూర్యుడి కన్నా ముందు నడుస్తుంది, పని ముగిశాక సాయంత్రం వెలుతురు మిగులుతుంది. పైగా చాలా చోట్ల పెద్ద నగరం, పెద్ద మార్కెట్ తూర్పువైపు ఉండటంతో దాని గడియారానికే చుట్టుపక్కల ఊళ్లు అతుక్కుపోయాయి. చీకట్లో లేవాల్సి రావడం దీనికి చెల్లించే ధర. అది సాయంత్రం వెలుతురు పోవడం అంత బాధగా చాలామందికి అనిపించదు.

ఈ వంకర ఎంత దూరం పోగలదో చూడటానికి స్పెయిన్ వాయవ్య మూల మంచి చోటు. అక్కడ మిన్యో నది ఒడ్డున తూయ్ అనే ఊరు ఉంది, ఎదురు ఒడ్డున పోర్చుగల్‌కు చెందిన వలెన్సా. మధ్యలో ఒక వంతెన. రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద, పడమర 8.65 డిగ్రీల దగ్గర ఉన్నాయి. రెండింటికీ ఒకే సూర్యుడు, ఒకే మధ్యాహ్నం. అయినా వంతెన దాటి పోర్చుగల్‌లోకి అడుగుపెడితే గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి.

లెక్క వేద్దాం. ఏడున్నర డిగ్రీల నియమం ప్రకారం 8.65 డిగ్రీలు గ్రీనిచ్ పట్టీ దాటిపోయాయి. నిజానికి ఈ రెండు ఊళ్లూ గ్రీనిచ్ కన్నా ఒక గంట వెనక ఉండాలి. పోర్చుగల్ గ్రీనిచ్ సమయాన్నే పాటిస్తోంది కాబట్టి ఒక పట్టీ తూర్పుకు జరిగింది. స్పెయిన్ 1940 మార్చిలో మధ్య ఐరోపా సమయానికి మారింది, మళ్లీ వెనక్కి రాలేదు. ఆ సమయం 15 డిగ్రీల తూర్పు రేఖది. తూయ్ నుంచి ఆ రేఖకు దూరం 15కి 8.65 కలిపితే 23.65 డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే సుమారు 95 నిమిషాలు. కాబట్టి చలికాలపు గడియారంలో తూయ్‌లో సగటు మధ్యాహ్నం 1:35కి వస్తుంది. వేసవిలో గడియారాన్ని ఇంకో గంట ముందుకు జరుపుతారు కాబట్టి 2:35 అవుతుంది. ఆ వేసవి గడియారం సూర్యుడి పట్టీకి ఏకంగా మూడు పట్టీలు తూర్పున ఉన్నట్టు లెక్క.

ఇంకో చిన్న సవరణ మిగిలి ఉంది. సూర్యుడు గడియారంలా ఒకే వేగంతో నడవడు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి వృత్తం కాదు, జనవరిలో దగ్గరగా ఉండి వేగంగా, జులైలో దూరంగా ఉండి నెమ్మదిగా కదులుతుంది. దానికి తోడు భూమి అక్షం వాలి ఉంది. ఈ రెండు కారణాల వల్ల నీడ గడియారం ఫిబ్రవరి నడుమ సగటు సమయానికి 14 నిమిషాలు వెనకబడుతుంది, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందు ఉంటుంది. ఏప్రిల్ నడుమ, జూన్ నడుమ, సెప్టెంబరు మొదట్లో, డిసెంబరు చివర్లో రెండూ కలుస్తాయి. గడియారాలు సగటు సూర్యుడి ప్రకారం నడుస్తాయి కాబట్టి జోన్ గీతలకు ఈ తేడాతో పని లేదు. కానీ నిజమైన నీడను చూసి లెక్క తేల్చాలంటే దీన్ని కలపక తప్పదు. జులై చివర్లో సూర్యుడు ఆరున్నర నిమిషాలు ఆలస్యం. అంటే ఆ రోజుల్లో తూయ్‌లో సూర్యుడు నడిమింటికి చేరేది గడియారంలో 2:41కి.

దీన్ని ఎవరైనా ఒక కర్రతో సరిచూసుకోవచ్చు. చదునైన నేల మీద ఒక కర్రను నిట్టనిలువుగా, గుండు దారంతో సరిచూసి పాతాలి. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణం కోసం చూస్తూ కూర్చోవడం తప్పుడు దారి. మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు చాలాసేపు మారినట్టే కనిపించదు, ఐదు పది నిమిషాల తప్పు తేలిగ్గా వచ్చేస్తుంది. మధ్యాహ్నానికి రెండు గంటల ముందు నీడ చివర ఒక గుర్తు పెట్టి, కర్ర మొదలు నుంచి ఆ గుర్తు దాకా తాడు పట్టి నేల మీద ఒక వృత్తం గీయాలి. నీడ క్రమంగా పొట్టిదై వృత్తం లోపలికి వెళ్తుంది, మధ్యాహ్నం తర్వాత మళ్లీ పెరిగి వృత్తాన్ని ఇంకో చోట తాకుతుంది. ఆ రెండు సమయాలకూ సరిగ్గా మధ్యనున్నదే సూర్యుడి పన్నెండు. తూయ్‌లో జులై చివర మొదటి గుర్తు 12:41కి పెడితే రెండోది 4:41 ప్రాంతంలో పడాలి. రెండో గుర్తు ఆ సమయానికి చాలా దూరంగా పడితే ముందుగా అనుమానించాల్సింది కర్రనే, కాస్త వాలినా నీడ ఒక పక్కకు లాగేస్తుంది.

ఇలా దొరికిన సమయంలోంచి ఆ రోజు సూర్యుడి ఆలస్యాన్ని తీసేయాలి, వేసవి గంట ఉంటే దాన్నీ తీసేయాలి. ముందున్న రోజైతే ఆ నిమిషాలు కలపాలి. ఇక మిగిలింది 12 కన్నా ఎంత ఎక్కువో తక్కువో, ఆ నిమిషాలను నాలుగుతో భాగిస్తే ఆ చోటు తన జోన్ నడిమి రేఖకు ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో వచ్చేస్తుంది. ఎక్కువ వస్తే పడమర, తక్కువ వస్తే తూర్పు. 30 నిమిషాల లోపు ఉంటే ఆ ఊరు సూర్యుడు గీసిన పట్టీలోనే ఉన్నట్టు. దాటితే అక్కడ గీతను మనుషులు జరిపినట్టు.

30 నిమిషాలు అటూ ఇటూ సమానంగా పడే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ ఏ పక్క పట్టీలో చేరినా అరగంట తప్పే. 82.5 డిగ్రీల తూర్పు రేఖ అలాంటిది, అది 75కూ 90కీ సరిగ్గా మధ్యలో ఉంది. దాన్నే నడిమి రేఖగా తీసుకున్న దేశం సమయం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు ఉండటం అందువల్లే. అరగంట జోన్లు వింతగా కనిపిస్తాయి కానీ సూర్యుడి లెక్కన చూస్తే చాలా గంట జోన్ల కన్నా అవే నిజాయితీగా ఉన్నాయి.

దీనికి పూర్తిగా అవతలి కొసన చైనా ఉంది. ఆ దేశం సూర్యుడి లెక్కన ఐదు పట్టీల మీద పరుచుకుని ఉన్నా 1949 తర్వాత అంతటా ఒకే సమయం, 120 డిగ్రీల తూర్పు రేఖది. పడమటి కొసన ఉన్న కాష్గర్ 76 డిగ్రీల మీద ఉంది. 44 డిగ్రీల తేడా, అంటే 2 గంటల 56 నిమిషాలు. అక్కడ గడియారం దాదాపు 3 కొట్టినప్పుడు సూర్యుడి పన్నెండు. ఆ ప్రాంతంలో చాలామంది అధికారిక సమయం కన్నా 2 గంటలు వెనకున్న తమ సొంత సమయాన్ని కూడా వాడతారు. ఎవరినైనా కలుస్తామని చెప్పుకునేటప్పుడు ఏ సమయం ప్రకారం అని అడగక తప్పదు. గీతను కాగితం మీద చెరిపేసినా సూర్యుడు అక్కడ ఇంకోటి గీసుకున్నాడు.

సూర్యుడి లెక్క పూర్తిగా చేతులెత్తేసే చోటు ఒకటుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతూ వస్తాయి, పట్టీలు సన్నబడతాయి. దక్షిణ ధ్రువం దగ్గర అన్ని రేఖలూ ఒక్క బిందువులో కలిసిపోతాయి. అక్కడ నాలుగడుగులు గుండ్రంగా నడిస్తే 24 పట్టీలూ దాటేయొచ్చు. వేసవిలో సూర్యుడు అస్తమించకుండా, రోజంతా దాదాపు ఒకే ఎత్తులో దిగంతం చుట్టూ తిరుగుతాడు. కర్ర నీడ పొట్టిదీ కాదు, పొడుగుదీ కాదు, మధ్యాహ్నం అన్న క్షణమే లేదు. ఆ బిందువు మీదున్న అమెరికా పరిశోధన కేంద్రంలో గడియారాలు న్యూజిలాండ్ సమయం చూపిస్తాయి, ఎందుకంటే వాళ్లకు మనుషులూ సామానూ వచ్చే దారి న్యూజిలాండ్ నుంచే మొదలవుతుంది.